ఊరంతటికీ ఒకే అక్షరంతో ఇంటిపేర్లు: 1849లో ఫిలిప్పీన్స్‌లో ఏం జరిగింది?

రవళి_కువైట్

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సుని. మా వార్డులో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో ఇద్దరిది ఆల్బే ప్రావిన్సులోని ఓవాస్ అనే ఊరు. ఇద్దరి ఇంటిపేర్లూ ఇంగ్లీషు ‘ఆర్’ అక్షరంతోనే మొదలవుతాయి. చుట్టాలేమో అనుకున్నాను, కాదట. "మా ఊళ్ళో ఎవరిని అడిగినా ఆర్‌తోనే ఉంటుంది, పక్క ఊళ్ళకి వెళ్తే అక్షరం మారిపోతుంది" అన్నారు. ఎప్పుడో స్పెయిన్ వాళ్ళ గవర్నరు ఒకాయన ఆర్డరు వేసి జనమందరికీ ఇంటిపేర్లు పంచాడట. అంతకంటే వాళ్ళకీ తెలియదు. పేర్లు పంచడమేమిటి? ఉన్న పేర్లతో గవర్నమెంటుకి వచ్చిన ఇబ్బందేమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారి_శీను

ఇది తెలిసిందేనండి. స్పెయిన్ వాళ్ళు 300 ఏళ్ళకు పైగా ఏలారు. చాలామంది అక్కడి ఆడవాళ్ళను పెళ్ళి చేసుకున్నారు, మిగతావాళ్ళకి మతం మార్చి తమ పేర్లు పెట్టారు. అందుకే గార్సియాలు, రేయెస్‌లు, క్రూజ్‌లు కనిపిస్తారు. స్పానిష్ ఇంటిపేరు ఉందంటే ఎక్కడో ఆ రక్తం ఉన్నట్టే. అక్షరం సంగతి మాత్రం కాకతాళీయం అయ్యుంటుంది.

పాతకాగితాలు

శీను గారూ, మతం మార్చడం దగ్గర మీరు చెప్పింది సగం నిజం. రక్తం మాట మాత్రం కాదు. స్పానిష్ ఇంటిపేరు ఉన్న ఫిలిప్పీన్స్ కుటుంబాల్లో చాలావాటికి స్పెయిన్‌తో ఏ చుట్టరికమూ లేదు. అక్షరం కూడా కాకతాళీయం కాదు. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఫాదరీ పునీతుల పేరొకటి పెట్టేవాడు. దాని వెనక రెండో పేరు కావాలంటే జనం తమకి తోచింది పెట్టుకునేవారు. భక్తి కొద్దీ ‘దె లా క్రూజ్’, ‘దె లోస్ సాంతోస్’ లాంటివే ఎక్కువ. తండ్రిది ఒకటి, కొడుకుది ఇంకొకటి, అన్నదమ్ములవి వేరువేరు. కొంతమంది తమ భాషలోని పాత పేరుతోనే సరిపెట్టుకున్నారు. ఇంటిపేరు తండ్రి నుంచి పిల్లలకి రావాలన్న పట్టింపు చాలాచోట్ల లేదు.

ఊళ్ళో దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, అది గుర్తుపెట్టుకోండి. ఏ హువాన్ ఎవరి కొడుకో, ఏ ఇంట్లో ఉంటాడో ఊరందరికీ తెలుసు. ఇబ్బంది పడింది మనీలాలో కూర్చుని లెక్కలు చూసేవాళ్ళు. ఒక్క ప్రావిన్సులోనే హువాన్ దె లా క్రూజ్‌లు లెక్కలేనంతమంది ఉంటే ఏ హువాన్ పన్ను కట్టాడో, ఎవడు ఎగ్గొట్టాడో కాగితం మీద తేలదు.

అప్పటి గవర్నర్ జనరల్ నార్సిసో క్లవేరియా. ఆయన చాలా ప్రావిన్సులు స్వయంగా తిరిగి చూసి, 1849 నవంబరు 21న ఉత్తర్వు జారీ చేశాడు. అందులో కారణాలు దాపరికం లేకుండా రాశాడు. వేలమందికి ఒకే పేరు ఉండటంతో న్యాయం, పాలన, ఖజానా, శాంతిభద్రతలు అన్నీ గందరగోళంగా ఉన్నాయన్నాడు. పెళ్ళికి అడ్డొచ్చే రక్తసంబంధం ఉందో లేదో తేల్చడానికి చర్చి రిజిస్టర్లు పనికిరాకుండా పోతున్నాయన్నాడు. పేర్లు స్థిరపడితే వాటి మీద జనాభా రిజిస్టరు తయారుచేయవచ్చు, దాంతో పన్నుల వసూలు, వెట్టిపని ఖాయమవుతాయి, అనుమతి లేకుండా ఊళ్ళు మారేవాళ్ళనీ పన్ను తప్పించుకు దాక్కునేవాళ్ళనీ పట్టుకోవచ్చు అని కూడా అదే ఉత్తర్వులో ఉంది. రవళి గారు అడిగిన ‘ఎందుకు’కి జవాబు ఆ కాగితంలోనే దొరుకుతుంది.

సతీష్_డాలస్

మంచి టాపిక్. ఇదే సమస్య నాకూ వచ్చింది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి పేరంతా ఇంకో గడిలో రాశారు. ఇక్కడికొచ్చాక లైసెన్సులో ఒక రకం, బ్యాంకులో ఇంకో రకం పడింది. మా నాన్నగారి కాగితాల్లో ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఉంటుంది. అసలు మనకి ఇంటిపేర్లు ఏ ప్రభుత్వం ఎప్పుడు పెట్టింది? బ్రిటిష్ వాళ్ళేనా? సరిచేయించుకోవడానికి ఏ అఫిడవిట్ కావాలో ఎవరికైనా తెలుసా?

పాతకాగితాలు

సతీష్ గారూ, మీ లైసెన్సు సంగతికి వేరే చర్చ మొదలుపెట్టండి, అనుభవం ఉన్నవాళ్ళు చెబుతారు. మన ఇంటిపేర్లు మాత్రం ఏ ఉత్తర్వు వల్లా ఒక్కసారిగా వచ్చినవి కావు. చాలావరకు ఊరి పేరు నుంచో, చేసిన పని నుంచో వాటంతటవే నిలిచినవి. మన దగ్గర ఆఫీసు ఫారం గడి మన పేరుకి సరిపడక ఇబ్బంది పెడుతోంది. అక్కడ ఆఫీసుకి సరిపడేలా జనానికే కొత్త పేర్లు పెట్టారు.

హరి_ఆడిటర్

పాతకాగితాలు గారూ, అంటే అసలు సంగతి పన్ను ఒక్కటే అన్నమాట. న్యాయం, పెళ్ళిళ్ళు, రిజిస్టర్లు అన్నీ పైపై మాటలు. డబ్బు రావాలి, అంతే. పేర్లు పంచిన పద్ధతి కూడా చెప్పండి, నాకు అది ఆసక్తిగా ఉంది.

పాతకాగితాలు

పన్ను పెద్ద కారణమే హరి గారూ, కానీ ఒక్కటే అనలేను. వెట్టిపని పన్నుకంటే తక్కువ బరువేమీ కాదు. 16 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళు ఏడాదికి 40 రోజులు సర్కారు పనికి వెళ్ళాలి, లేదంటే డబ్బు కట్టి మినహాయింపు కొనుక్కోవాలి. రోడ్లు, వంతెనలు, ఓడలకి కలప, చర్చి కట్టడాలు అన్నీ ఆ చాకిరీ మీదే నడిచాయి. ఎవరి వంతు అయింది, ఎవరిది కాలేదు అని రాసుకోవాలంటే పేరు కదలకుండా ఉండాలి. ఇక చర్చికి పెళ్ళిళ్ళ రిజిస్టర్ల బాధ నిజంగానే ఉంది. దగ్గరి రక్తసంబంధంలో అనుమతి లేకుండా పెళ్ళి జరిపించడం ఫాదరీకి తేలిక విషయం కాదు.

ఇక పద్ధతి. ముందు ఒక జాబితా తయారుచేశారు. సుమారు 61,000 పేర్లు, అక్షర క్రమంలో. స్పానిష్ ఇంటిపేర్లతో పాటు స్థానిక భాషల మాటలు, చెట్లు, ఖనిజాలు, ఊళ్ళు, చేతిపనులు, ఏది దొరికితే అది చేర్చారు. స్థానిక మాటలు సేకరించింది మతగురువుల సంఘాలు.

అచ్చయిన జాబితా ప్రావిన్సు అధికారులకి వెళ్ళింది. ఊళ్ళో ఎన్ని కుటుంబాలున్నాయో చూసి అన్ని పేర్లు ఆ ఊరికి కేటాయించాలి. చాలామంది అధికారులు వరుసగా పేజీలు తీసి ఒక్కో ఊరికి ఇచ్చేశారు. జాబితా అక్షర క్రమంలో ఉంది కాబట్టి ఒక ఊరికి వెళ్ళిన పేజీల్లో ఒకటో రెండో అక్షరాలే ఉంటాయి. రవళి గారి స్నేహితుల ఊరికి ‘ఆర్’ పేజీలు వచ్చాయి. ఆల్బేలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తీరం వెంబడి పోతుంటే ఊరూరికీ అక్షరాలు వరుసలో మారుతూ ఉంటాయి.

ఊరికి పేజీలు వచ్చాక వాడకు వాడ పంచాలి. ఒక్కో వాడకి ‘కబేసా’ అనే పెద్ద ఉండేవాడు. మన పాత మునసబు లాంటివాడు అనుకోండి, తన కింద ఉన్న నలభై యాభై కుటుంబాల పన్ను వసూలు చేసి పైకి కట్టడం ఆయన పని, తగ్గితే ఆయనే పూడ్చాలి. ఆ కబేసా ముందు ప్రతి కుటుంబంలోని పెద్దాయన తమ వాటాకి వచ్చిన పేర్లలో ఒకటి ఎంచుకోవాలి. ఆ పేరు ఆయన వారసులందరికీ వర్తిస్తుంది. తండ్రి తెలియని పిల్లలకి తల్లి ఇంటిపేరు, అనాథలకి సంరక్షకులో ఫాదరీయో ఇస్తారు. ఆ తర్వాత ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటే శిక్ష.

ఒక మినహాయింపు ఉంది. నాలుగు తరాలుగా ఒకే ఇంటిపేరు వాడుతున్నామని రుజువు చూపిస్తే దాన్ని ఉంచుకోవచ్చు. అందులోనూ ఒక మెలిక ఉంది. దె లా క్రూజ్, దె లోస్ సాంతోస్ లాంటివి మరీ ఎక్కువమందికి ఉన్నాయి కాబట్టి వాటికి ఈ వెసులుబాటు వర్తించదు.

విజయనగరం_టీచరమ్మ

బడి పిల్లల సంగతి కూడా ఆ ఉత్తర్వులో ఏమైనా ఉందా బాబూ? పేరు మారిందని పెద్దవాళ్ళు కాగితం మీద ఒప్పుకుంటారు గానీ పిల్లలు ఒకరినొకరు పాత పేర్లతోనే పిలుచుకుంటారు. ముప్పై ఏళ్ళు హాజరు పట్టీలు రాసినదాన్ని, రిజిస్టరులో ఉన్న పేరుతో పిలిస్తే పలకని పిల్లల్ని ఎంతమందినో చూశాను.

పాతకాగితాలు

ఉందమ్మా, మీరు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. బడికి వచ్చే పిల్లలందరి పేరూ ఇంటిపేరూ మాస్టరు రిజిస్టరులో రాసుకోవాలి. ఆ ఇంటిపేరుతో తప్ప ఇంకోలా పిల్లలు ఒకరినొకరు పిలుచుకోకుండా చూడాలి. మాస్టరు శ్రద్ధ చూపించకపోతే ప్రావిన్సు అధికారి ఆయన్ని శిక్షించవచ్చు. పిల్లల నోట నానితేనే పేరు నిలుస్తుందని క్లవేరియాకి బాగా తెలుసు.

విజయనగరం_టీచరమ్మ

ఎంత దుర్మార్గం! పిల్లాడు అమ్మ పెట్టిన పిలుపుతో పలికితే మాస్టరుకి శిక్షా? ఖజానా లెక్కల కోసం ఆడుకునే పిల్లల మాటల మీద కాపలా పెట్టారన్నమాట. పన్నులు వసూలు చేసుకోండి, కాదనం. ఇంట్లో పిలుపు దాకా రావడం నాకు అస్సలు మింగుడుపడటం లేదు.

హరి_ఆడిటర్

అమ్మా, రెండో వైపు కూడా చూడాలి. రుజువు లేని పేరుతో పేదవాడే ఎక్కువ నష్టపోతాడు. పొలం తాతదని చెప్పాలంటే తాత పేరూ మనవడి పేరూ కలవాలి కదా. పక్కింటి హువాన్ బాకీ తన మీద పడితే ఏం చెబుతాడు? ఇంటిపేరు స్థిరపడటం వల్ల జనానికీ లాభం ఉంది.

పాతకాగితాలు

ఆ లాభం తర్వాతి తరాలకి అందింది, నిజమే. 1849లో ఎవరూ ఆ లాభం కోసం అడగలేదు. ఒక మనిషిని తీసుకుని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

ఫిలిప్పీన్స్ జాతీయ నాయకుడు హోసే రిసాల్ పేరు వినే ఉంటారు. వాళ్ళ ఇంటిపేరు మొదట మెర్కాదో. చైనా నుంచి వచ్చి స్థిరపడిన పూర్వీకుడి కాలం నుంచి ఉన్నదది. 1849 ఉత్తర్వు తర్వాత తండ్రి ఫ్రాన్సిస్కోకి రిసాల్ అనే రెండో ఇంటిపేరు వచ్చింది, ఇచ్చింది ప్రావిన్సు అధికారి. కానీ కుటుంబం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇంట్లో, ఊళ్ళో, వ్యాపారంలో మెర్కాదోగానే నడిచారు. హోసే అన్న పసియానో కూడా మెర్కాదోనే. అంటే ఉత్తర్వు వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, కలిగిన కుటుంబంలో, కొత్త పేరు కాగితం మీదే ఉండిపోయింది.

1872 ఫిబ్రవరిలో బుర్గోస్, గోమెస్, సమోరా అనే ముగ్గురు ఫాదరీలకి తిరుగుబాటు నేరం మోపి మరణశిక్ష అమలు చేశారు. పసియానో ఆ బుర్గోస్‌కి దగ్గరివాడు. దాంతో మెర్కాదో పేరు మీద సర్కారు కన్ను పడింది. అదే ఏడాది హోసేని మనీలాలో అతెనియో బడిలో చేర్చాలి. అప్పుడు బీరువాలో పడున్న రిసాల్ పేరు పనికొచ్చింది. అన్న నీడ తమ్ముడి మీద పడకుండా అతన్ని రిసాల్‌గా చేర్చారు. మనుషుల్ని పట్టుకోవడానికి సర్కారు ఇచ్చిన పేరు చాటునే ఒక కుర్రాడు దాక్కున్నాడు. చివరికి 1896లో కాల్చి చంపేనాటికి దేశమంతా తెలిసిన పేరు అదే.

గోదారి_శీను

రిసాల్ సంగతి చాలా బాగుంది. అయినా నా అనుమానం నాదే. అంత పకడ్బందీగా దె లా క్రూజ్‌ని తీసేస్తే ఇవాళ మా కంపెనీ గల్ఫ్ సైటులో అంతమంది దె లా క్రూజ్‌లు ఎక్కడి నుంచి వచ్చారు? రేయెస్, సాంతోస్ కూడా అడుగడుగునా తగులుతారు. ఆర్డరు ఫెయిలయినట్టే కదా?

పాతకాగితాలు

ఈ ప్రశ్న బాగుంది శీను గారూ. ఇవాళ ఆ దేశంలో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు దె లా క్రూజ్. ఉత్తర్వు పేరు పెట్టి మరీ వద్దన్న పేరే మొదటి స్థానంలో ఉంది. అమలు ఎక్కడా ఒకేలా జరగలేదన్నది మాత్రం ఖాయం. ఆల్బేలో పేజీల లెక్కన పంచారు. మనీలాకి పక్కనే ఉన్న పంపాంగాలో పాత స్థానిక పేర్లు చాలా నిలిచాయి. ఉత్తర్వు వేసిన నెల తిరిగేసరికి క్లవేరియా కూడా పదవి వదిలి స్పెయిన్ వెళ్ళిపోయాడు. వెంటపడి చేయించడానికి ఆయన లేడు. స్పానిష్ చేయి అందని ఉత్తర కొండల్లోనూ, దక్షిణాన ముస్లిం సుల్తాన్‌ల ప్రాంతాల్లోనూ ఈ జాబితా ఊసే లేదు.

హరి_ఆడిటర్

స్థానిక ఫాదరీలు చూసీ చూడనట్టు వదిలేసి ఉంటారని నా అభిప్రాయం. జనంతో రోజూ ఉండేది వాళ్ళు. వద్దన్న భక్తి పేరుని గుడి మనిషే రద్దు చేయడం ఇబ్బందే కదా.

గోదారి_శీను

నాకైతే తర్వాత బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే ఆ పేరు పెట్టుకుని ఉంటారనిపిస్తోంది. ఒక్కసారి పంచేసి ఊరుకుంటే తర్వాత వచ్చేవాళ్ళు అలవాటైన దారే పడతారు.

పాతకాగితాలు

రెండూ కొంతవరకు జరిగే ఉంటాయి. ఒక్కో ఊరి రిజిస్టరు తిరగేసి చూడకుండా దేశం మొత్తానికి ఏది ఎక్కువ అని నేను చెప్పను.

నిర్మల_డర్బన్

చదువుతూ ఉన్నాను, మా సంగతీ ఒకటి చెప్పాలనిపించింది. మా ముత్తాతలు మద్రాసు రేవు నుంచి చెరకు తోటల కూలీలుగా నటాల్ వచ్చారు. ఆ ఓడలు 1860లో మొదలయ్యాయి. ఓడ రిజిస్టరులో మనిషి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, వయసు రాసేవారు. ఇంటిపేరుకి అందులో చోటు లేదు. తర్వాత కాగితాల్లో సర్‌నేమ్ కావాల్సి వచ్చేసరికి కొందరికి తండ్రి పేరే అతుక్కుంది, కొందరికి కులం పేరు. ఇక్కడ ఇన్ని నాయుడు కుటుంబాలు ఉండటానికి అదొక కారణం. మా అసలు ఇంటిపేరు ఏమిటో ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మాకు ఎవరూ జాబితా ఇచ్చి ఎంచుకోమనలేదు. అయినా ఫలితం దగ్గరదగ్గర అలాగే అయింది, నాయుడు అనే పేరు చూసి మేమందరం బంధువులమని ఇక్కడివాళ్ళు అనుకుంటారు.

రవళి_కువైట్

నిర్మల గారూ, మీది చదివి మనసు అదోలా అయింది. పాతకాగితాలు గారికి చాలా థాంక్స్. ఇదంతా మా వార్డులో ఆ ఇద్దరికీ చెప్పాను. ఒకామె వెంటనే అడిగింది: "అయితే 1849కి ముందు మా పేరేమిటి? కనుక్కోవడానికి దారేమైనా ఉందా?" వాళ్ళ ఊరి చర్చిలో పాత రిజిస్టర్లు కొన్ని ఉన్నాయట.

పాతకాగితాలు

దారి ఉంది, కానీ పేరు పట్టుకుని వెనక్కి వెళ్తే 1850 దగ్గర గోడ తగిలినట్టు ఆగిపోతారు. అక్కడి నుంచి ఇంటిపేరుని వదిలేయాలి.

ఆమె పూర్వీకుల్లో 1850 తర్వాత పిల్లలు పుట్టిన ఒక జంటని ముందు పట్టుకోమనండి. ఆ జంటకి 1850కి ముందు కూడా పిల్లలు పుట్టి ఉంటే పని తేలికవుతుంది. ఉదాహరణకి 1852 బాప్తిస్మం పేజీలో తండ్రి పెద్రో, తల్లి మరియా, ‘ఆర్’తో కొత్త ఇంటిపేరు ఉందనుకోండి. 1847 పేజీల్లో పెద్రో, మరియా అనే తల్లిదండ్రుల్ని వెతకాలి. ఈ రెండు పేర్లూ ఊళ్ళో చాలామందికి ఉంటాయి, అందుకే అక్కడితో ఆగకూడదు. చాలా రిజిస్టర్లలో వాళ్ళు ఏ కబేసా కింది కుటుంబమో రాస్తారు. ఆ కబేసా పేరు రెండు పేజీల్లోనూ కలవాలి. కబేసాకి కూడా కొత్త ఇంటిపేరు వచ్చి ఉండొచ్చు, కాబట్టి ముందు ఆయన పాత పేరు, కొత్త పేరు జత చేసుకోవాలి. జ్ఞానతల్లిదండ్రులుగా నిలబడ్డవాళ్ళు రెండుచోట్లా ఒకే ఇంటివాళ్ళయితే ఇంకో ఆధారం. ఇవన్నీ కలిస్తే 1847 పేజీలో పెద్రో పక్కనున్న రెండో పేరే ఆ కుటుంబానిది.

తప్పు ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పండి. ఒకే కొత్త ఇంటిపేరు ఉందని రెండు కుటుంబాల్ని కలిపేయకూడదు. అదే పేరు ఇంకో ఊళ్ళో ఇంకెవరికో వచ్చి ఉండవచ్చు. అలాగే పేరు వేరు కదా అని అన్నదమ్ముల్ని విడదీయకూడదు. పెళ్ళి చేసుకుని పక్క ఊరికి వెళ్ళి అక్కడి పేజీల్లోంచి వేరే పేరు తీసుకున్న తమ్ముడు ఉండే అవకాశం బాగా ఉంది.

రవళి_కువైట్

ఇప్పుడే చూపించాను. వాళ్ళ అమ్మమ్మ తరం దాకా పేర్లన్నీ కాగితం మీద రాసింది. వచ్చే సెలవుల్లో చర్చి ఆఫీసులో అడుగుతానంటోంది. నాకు ఇంకో అనుమానం. బాప్తిస్మాల రిజిస్టరు చెదలు పట్టి పోయుంటే పెళ్ళిళ్ళది పనికొస్తుందా?

పాతకాగితాలు

పనికొస్తుంది. పెళ్ళి పేజీలో వధూవరుల తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. 1850 తర్వాత పెళ్ళయినవాళ్ళ తల్లిదండ్రులు అంతకుముందే చనిపోయి ఉంటే, వాళ్ళకి కొత్త పేరు పంచే అవసరమే రాలేదు. అలాంటి పేజీల్లో పాత పేరు మిగిలి ఉండే అవకాశం ఉంది. ముందు అక్కడే చూడమనండి.